మారిన ఉద్యోగాలు, పెరిగిన బాధ్యతలు

హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ టెస్టర్ అయిదేళ్లలో మూడు కంపెనీల్లో పనిచేసిందనుకుందాం. నాలుగో చోట దరఖాస్తు పెట్టగానే రిక్రూటర్ నుంచి ఈమెయిల్: ఇన్ని ఉద్యోగాలు ఎందుకు మారారు?

చాలామంది "మంచి అవకాశం కోసం" అని ఒక్క ముక్క రాసి పంపేస్తారు. అందులో రిక్రూటర్‌కు తెలిసేదేమీ లేదు. పాత మేనేజరు మీద ఫిర్యాదు రాస్తే మరీ చేటు. రిక్రూటర్‌కు ఉన్న అసలు అనుమానం, ఈమె ఇక్కడా ఏడాదికే మానేస్తుందేమోనని.

అందుకని ప్రతి మార్పు దగ్గరా ఏం నేర్చుకున్నారో, ఏ బాధ్యత పెరిగిందో రాయాలి. ఆమె ఇలా రాయవచ్చు: "మొదటి కంపెనీలో మాన్యువల్ టెస్టింగ్ చేశాను. అక్కడ ఆటోమేషన్ లేదు. అది చేయడానికే రెండో కంపెనీలో చేరి, సెలీనియంతో టెస్టులు రాశాను. మూడో చోట నలుగురి బృందాన్ని నడిపాను. మీ టెస్ట్ లీడ్ ఉద్యోగానికి ఈ మూడు అనుభవాలూ కావాలి."

ఇంతే చాలు, పేజీలు అక్కర్లేదు. అయితే లేఆఫ్‌లో పోయిన ఉద్యోగాన్ని ఎదుగుదలగా చూపకండి. జరిగింది జరిగినట్టు ఒక వాక్యంలో చెప్పండి. కొద్ది నెలల ఉద్యోగాన్నీ దాచవద్దు. పీఎఫ్ ఖాతా సర్వీస్ హిస్టరీలో చేరిన తేదీ, మానేసిన తేదీ కనిపిస్తాయి. వెరిఫికేషన్‌లో తేడా బయటపడితే చేతికొచ్చిన ఆఫరే పోవచ్చు. జవాబు పంపేముందు ఆ తేదీలను మీ రెజ్యూమెతో ఒకసారి సరిచూసుకోండి.