నల్లరంగు మానేశాక: నాకు పది వారాలు, మా ఆవిడకి ఇరవై ఒక్క నెలలు

పోయిన ఎపిసోడ్‌లో రంగు మానేశానని ఓ మాట అన్నాను కదా, దానికే చాలామంది అడిగారు. అందుకని ఇవాళ జుట్టు మీదే మాట్లాడతాను. నేను విండ్సర్‌లో కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌ని, చదివింది ఐటీఐ, సివిల్ డ్రాఫ్ట్స్‌మన్. జుట్టు డాక్టర్ని కాను. మా ఇంట్లో రెండు తలల మీద జరిగింది చెప్తున్నాను, అంతే.

నేను ముప్పై రెండో ఏట మొదలుపెట్టాను. అప్పుడు దుబాయ్‌లో ఉండేవాణ్ణి. ప్రతి మూడో శుక్రవారం నల్ల పౌడర్ ప్యాకెట్ చించి, పాత గిన్నెలో నీళ్ళతో కలిపి, పాత టూత్‌బ్రష్‌తో రాసుకోవడం. పదమూడేళ్ళు అలాగే నడిచింది. రెండేళ్ళ కిందట చలికాలంలో సైట్‌లో హార్డ్‌హ్యాట్ కింద చెవుల వెనక దురద మొదలైంది. కింద పెట్టుకునే ఉన్ని టోపీ వల్లనుకున్నాను. టోపీ మార్చినా తగ్గలేదు. ఓ ఆదివారం రంగు వేసుకుంటే సోమవారానికి కనురెప్పలు వాచిపోయాయి. చర్మం డాక్టరు వీపు మీద ప్యాచ్ టెస్ట్ పెట్టి చెప్పారు, పీపీడీ పడడం లేదని. పారాఫినైలిన్‌డయమీన్ అని, దాదాపు నల్లరంగులన్నిటిలో అసలు సరుకు అదే. పదమూడేళ్ళు పడింది ఇప్పుడెందుకు పడదని అడిగితే, ఈ ఎలర్జీ వాడగా వాడగా వచ్చేదేనని, వచ్చాక మామూలుగా పోదని చెప్పారు. నల్ల హెన్నా అని మన కొట్లలో అమ్మే వాటిలోనూ చాలాసార్లు ఇదే ఉంటుంది. ఎర్రగా పండేది గోరింటాకు. పది నిమిషాల్లో నల్లగా పట్టేది గోరింటాకు కాదు.

సరే, నేను మానక తప్పలేదు. మగవాళ్ళకి ఇది తేలికండీ, ఎందుకో లెక్క చెప్తాను. జుట్టు నెలకి సుమారు పన్నెండు మిల్లీమీటర్లు పెరుగుతుంది. క్లిప్పర్‌లో రెండో నంబర్ దువ్వెన అంటే ఆరు మిల్లీమీటర్లు. మూడు వారాలు ఆగి పక్కలు రెండో నంబర్‌తో తీయిస్తే, అక్కడ రంగున్న వెంట్రుక ఒక్కటీ మిగలదు. పైన కొంచెం పొడుగు కావాలి కాబట్టి పది వారాలు ఆగాను. ఎనిమిదో నంబర్ ఇరవై అయిదు మిల్లీమీటర్లు, దాంతో పైన కూడా అయిపోయింది. మధ్యలో ఓ నెల్లాళ్ళు కింద తెల్లగా, పైన నల్లగా, ఇంకు అంటిన సుద్దముక్కలా ఉన్నాను. మా సైట్‌లో ఎవరూ పట్టించుకోలేదు, హార్డ్‌హ్యాట్ ఉంది కదా. మీసం మాత్రం గీసేశాను. ఆ రోజు వీడియో కాల్‌లో మా అమ్మ నన్ను చూసి, "ఎవరు పోయార్రా?" అని ఏడుపు మొదలుపెట్టింది. ఎవరూ పోలేదమ్మా అని నమ్మించేసరికి పావుగంట పట్టింది.

నా సంగతి అంతే. అసలు విషయం మా ఆవిడది.

నన్ను చూసి తనూ మానేస్తానంది. తనకి ఎలర్జీ లేదు, విసుగు. ప్రతి మూడు వారాలకీ కుదుళ్ళకి రంగు, పని నుంచి వచ్చి అలసిపోయి. కానీ తన జుట్టు నడుం దాకా. ఏడాదికి పెరిగేది పద్నాలుగు సెంటీమీటర్లు. అంత పొడుగూ సహజంగా రావాలంటే నాలుగేళ్ళ పైమాటే. "నాలుగేళ్ళు సగం జీబ్రాలా తిరగనా?" అంది. ఆ జనవరికి మా మేనకోడలి పెళ్ళికి తణుకు వెళ్ళాలి, చేతిలో ఉన్నది తొమ్మిది నెలలు. పెళ్ళిలో ఫోటోలు, చుట్టాలు, అందరి కళ్ళూ పాపిడి మీదే.

మొదట అనుకున్నది అందరూ అనుకునేదే, ఉన్న నల్లరంగు పార్లర్‌లో తీయించేద్దామని. ఇక్కడ మాకు తెలిసినావిడ ఒకరు అదే చేయించుకున్నారు. బ్లీచ్ పెట్టారు. నలుపు ఎరుపైంది, ఎరుపు నారింజ అయింది, అక్కడ ఆగిపోయింది. మళ్ళీ పెట్టారు. తడి జుట్టు లాగితే రబ్బరులా సాగి తెగిపోయేది. చివరికి మళ్ళీ నల్లరంగే వేయించుకున్నారు.

ఎందుకలా అవుతుందో నా పని భాషలో చెప్తాను. గోడకి వేసిన సున్నం గీకితే పోతుంది. మన ఊళ్ళలో పాత ఇళ్ళ రెడ్ ఆక్సైడ్ గచ్చు గీకి చూడండి, పోదు. రంగు లోపల కలిసిపోయి ఉంటుంది, గచ్చు తవ్వితేనే పోతుంది. జుట్టు రంగూ అంతే. చిన్న చిన్న అణువులుగా వెంట్రుక లోపలికి దూరి, అక్కడ ఒకదానికొకటి అతుక్కుని పెద్దవవుతాయి. ఇంక బయటికి రాలేవు. బ్లీచ్ వాటిని విరగ్గొడుతుంది, వాటితోపాటు వెంట్రుక బలాన్నీ తింటుంది. బ్లీచ్ లేని కలర్ రిమూవర్లు కూడా ఉన్నాయి, గంధకం జాతివి, కుళ్ళిన గుడ్డు వాసనొస్తుంది. అవి ఆ అతుకుల్ని విప్పుతాయి. కానీ బాగా కడక్కపోతే గాలి తగిలి అవి మళ్ళీ అతుక్కుని, రెండు మూడు రోజుల్లో జుట్టు తిరిగి నల్లబడుతుంది. పైగా రంగు పోయినా కింద మన అసలు ఛాయ ఉండదు. రంగులో కలిపిన పెరాక్సైడ్ దాన్ని ఎప్పుడో ఎర్రగా మార్చేసి ఉంటుంది. రంగు పడిన వెంట్రుక మళ్ళీ పుట్టినప్పటిది కాదు. అసలు ఛాయ కుదురు నుంచే రావాలి.

కాబట్టి పొడుగు గురించి చేసేదేం లేదు. చేయగలిగింది ఆ గీత గురించే, తెలుపూ నలుపూ కలిసేచోట కత్తితో కోసినట్టు కనిపించేదాని గురించి.

వయండాట్ స్ట్రీట్ దగ్గర ఓ పెద్దావిడ జుట్టు చేస్తారు. ఆవిడ మొదటి రోజు ఏమీ వేయలేదు. ఆరు వారాలు ఏ రంగూ వేయకుండా రమ్మన్నారు. ఆరు వారాలకి రెండు సెంటీమీటర్లకి కాస్త తక్కువ వచ్చింది. అప్పుడు పాయలు విడదీసి చూపించారు. పాపిడి దగ్గరా, కణతల దగ్గరా ముప్పాతిక తెలుపు. వెనక భాగం మాత్రం ఇంకా దాదాపు నలుపే! పదేళ్ళు తల మొత్తం రంగేసింది కాబట్టి ఆ సంగతి మా ఇద్దరికీ తెలీదు. అంటే గీత కనబడేది ముందు నాలుగు వేళ్ళ మేర మాత్రమే. పని సగానికి సగం తగ్గింది.

జుట్టు భుజాల దాకా కత్తిరించారు, పాతిక సెంటీమీటర్లు ఉంచి. అది ఒప్పుకోవడానికి మా ఆవిడకి రెండు వారాలు పట్టింది. ఆ జడ ఇంకా అల్మారాలో ఉంది. ఆ పొడుగు అలాగే ఉంచి రెండు నెలలకోసారి చివర్లు కత్తిరిస్తూ పోతే, పాతికని నెలకి 1.2తో భాగించండి, ఇరవై ఒక్క నెలలు.

ఇక గీత సంగతి. తెల్లగా వచ్చిన కుదుళ్ళన్నిటికీ రంగు వేయలేదు. దువ్వెన తోకతో సన్నటి పాయలు తీసి, ఒకటి వదిలి ఒకదానికి, డెమీ పర్మనెంట్ ముదురు గోధుమ రంగు వేశారు. నలుపు కాదు, రెండు మెట్లు తేలిక. డెమీ అంటే తక్కువ పెరాక్సైడ్‌తో కలిపేది. తెల్ల వెంట్రుకని పూర్తిగా కప్పదు, పల్చగా అంటుతుంది, ఇరవై పైచిలుకు తలస్నానాలకి చాలావరకు వెలిసిపోతుంది. వెలిసేటప్పుడు గీత పడదు, అదే దాని ఉపయోగం. ఎనిమిది వారాల తర్వాత మళ్ళీ వెళ్తే మూడు పాయలకి ఒకటి. ఆ తర్వాత అయిదింటికి ఒకటి. పెళ్ళికి ముందు వేసింది చాలా కొద్ది. నాలుగోసారి తర్వాత ఏమీ లేదు.

రెండోసారికి, మూడోసారికి మధ్య మా ఆవిడ ఓ తప్పు చేసింది. డబ్బు మిగులుద్దామని షాపులో డబ్బా కొనుక్కొచ్చింది, మీద "ముదురు గోధుమ" అనే రాసుంది. వేసుకుంటే కుదుళ్ళ దగ్గర నల్ల వెంట్రుకలు ఇటుక రంగుకి తిరిగాయి, కింద పాత నలుపు కొంచెమైనా మారలేదు. అది పర్మనెంట్. లోపలి సీసా మీద 20 వాల్యూమ్ అని ఉంది, అంటే ఆరు శాతం పెరాక్సైడ్. కొత్తగా వచ్చిన సహజమైన నలుపుని అది తేలిక చేస్తుంది. ముందే ఉన్న రంగుని మాత్రం ఇంకో రంగు తేలిక చేయలేదు. కొనేముందు పెట్టె మీద ఆ అంకె చూడండి. ఆ ఇటుక రంగు రెండు సెంటీమీటర్లు పెరిగి పోవాల్సిందే అన్నారు పెద్దావిడ, కొంచెం కోపంగానే. ఇంకో మాట, డెమీలో కూడా పీపీడీ గానీ దాని చుట్టాలు గానీ ఉంటాయి. నాలాంటి వాళ్ళకి అదీ పనికిరాదు. పడేవాళ్ళు కూడా ప్రతిసారీ 48 గంటల ముందు మోచేతి లోపల కొంచెం రాసి చూసుకోవాలి.

ముందు పాత నలుపులో కొన్ని దారాల్లాంటి పాయలు తేలిక చేద్దామన్నారు ఓసారి. ముందు చెవి వెనక ఒక్క పాయ మీద చూశారు. రాగి రంగు దాకా వచ్చింది, అక్కడితో ఆపేశారు. పైన బూడిద ఛాయ వేస్తే సరిపోయింది. పది పన్నెండు పాయలకి మించి చేయలేదు. జుట్టుకి నీలి పొడి, అంటే ఇండిగో, వాడినవాళ్ళు ఈ పరీక్ష అసలు మానకూడదట, బ్లీచ్ తగిలితే పచ్చబడొచ్చు.

ఇంట్లో చేసినవి తక్కువే. పాపిడి తిన్నగా కాకుండా వంకరగా తీసుకుంది, గీత సగం దాగింది. తలస్నానానికి ముందురోజు రాత్రి చివర్లకి కొబ్బరి నూనె. పాత రంగు చివర్లు చలికాలం హీటర్ గాలికి చీపురులా అవుతాయి ఇక్కడ. తెల్ల భాగం పసుపు తిరిగినప్పుడు పదిహేను రోజులకోసారి ఊదా షాంపూ, మూడు నిమిషాలు. ఓసారి ఫోన్‌లో పడి పావుగంట ఉంచేసింది, కణతలు వంకాయ పువ్వు రంగులోకి వచ్చాయి. రెండు స్నానాలకి పోయిందిలెండి.

పెళ్ళికి వెళ్ళేసరికి ముందు పదకొండు సెంటీమీటర్లు సహజంగా ఉంది. మా వదిన దగ్గరికొచ్చి చూసి, "ఇది ఏ కంపెనీ రంగు?" అని అడిగింది. రంగు కాదంటే నమ్మలేదు. మా అమ్మ మాత్రం మా ఆవిణ్ణి ఏమీ అనలేదు, నన్ను పక్కకి పిలిచి మీసం పెంచమంది.

ఇప్పుడు పంతొమ్మిదో నెల. చివర రెండు సెంటీమీటర్ల పైచిలుకు నలుపు మిగిలింది. వచ్చే నెలాఖరుకి ఒకసారి, ఆ పైన ఇంకోసారి కత్తిరిస్తే అయిపోతుంది. మీసం పెరిగింది, తెల్లగానే.