తెలిసిన మాటే తప్పుదోవ పట్టిస్తుంది

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇరుగుపొరుగు భాషల నుంచి అనువాదం చేసేటప్పుడు జరిగే పొరపాట్ల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను అడిగారు. నేను పండితుణ్ణి కాను. ముప్పై నాలుగేళ్లు రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసి 2008లో పదవీ విరమణ చేసినవాణ్ణి. అందులో ఎక్కువ కాలం కన్నడ సరిహద్దులోనే గడిచింది. మన మడకశిర వైపు ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్లు చాలామంది. అటు పావగడకు పోతే అది కర్ణాటకలోని తుమకూరు జిల్లా, కాని వీధిలో వినిపించేది తెలుగు. అందువల్ల ఆ ప్రాంతంలో పనిచేసే గుమాస్తాకు రెండు భాషలూ వచ్చినట్టే ఉంటాయి. ఆ "వచ్చినట్టే" అన్న దాంట్లోనే చిక్కంతా ఉంది.

తెలియని మాట మనల్ని మోసం చేయదు. దాని దగ్గర ఆగుతాం, పక్కవాణ్ణి అడుగుతాం. మోసం చేసేది మన మాటలాగే కనబడే మాట. దాని దగ్గర మనం ఆగం.

ముందుగా ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. మన "అవసరం" ఉంది కదా. అరవంలోనూ, కన్నడంలోనూ ఆ మాట ఉంది. కాని అక్కడ దాని అర్థం తొందర. సరే, మన "తొందర" సంగతేమిటని చూస్తే, కన్నడంలో "తొందరె", అరవంలో "తొందరవు" అంటే ఇబ్బంది. అంటే మన అవసరం వాళ్లకు తొందర, మన తొందర వాళ్లకు ఇబ్బంది. వరసగా కూర్చున్న ముగ్గురు తలా ఒక కుర్చీ పక్కకు జరిగినట్టు ఈ మాటలు జరిగి కూర్చున్నాయి.

దీనివల్ల నష్టం లేదనుకోకండి. నా మిత్రుడొకరు భార్యను తమిళనాడులో ఒక ఆసుపత్రికి తీసుకుపోయారు. పరీక్షలన్నీ చూసి డాక్టరు, ఆపరేషనుకు "అవసరం ఇల్లై" అన్నారట. మావాడు బ్రతికిపోయామనుకుని టిక్కెట్లు కొనుక్కుని ఊరికి వచ్చేశాడు. డాక్టరు చెప్పింది "ఆపరేషను చేయాలి, కాని తొందర లేదు" అని. రెండు నెలలకు ఆసుపత్రి నుంచి ఉత్తరం వస్తేగాని సంగతి బోధపడలేదు. ఆపరేషను అక్కరలేదని చెప్పాలంటే ఆయన "తేవై ఇల్లై" అనేవారు.

ఇక నా తప్పు చెబుతాను. ఇది 1979 నాటి సంగతి. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఐదేళ్లయింది. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. అప్పు కింద మనిషిని పనికి కట్టేసుకోవడం నేరమని, అలాంటి అప్పు తీర్చనక్కరలేదని ఆ చట్టం చెప్పింది. విడుదలైనవారికి 4,000 రూపాయల దాకా పునరావాస సహాయం ఇచ్చే కేంద్ర పథకం 1978లో మొదలైంది. మా కార్యాలయానికి సరిహద్దు గ్రామాల నుంచి అర్జీలు రావడం మొదలుపెట్టాయి. కన్నడంలో ఉన్న వాటిని తెలుగు చేసి ఫైలులో పెట్టే పని నాకు అప్పగించారు.

ఒక అర్జీతో పాటు ఒక యువకుడి వాంగ్మూలం వచ్చింది. ఊరి బడిపంతులుగారెవరో రాసిపెట్టారు. అందులో ముఖ్యమైనవి రెండే వాక్యాలు. "నాను ఆరు వర్షదింద అవర హొలదల్లి జీతక్కె ఇద్దేనె. నన్న అప్ప మాడిద సాల ఇన్నూ తీరిల్ల."

నేను తడుముకోకుండా రాసేశాను: "నేను ఆరేళ్లుగా వారి పొలంలో జీతానికి ఉన్నాను. మా నాన్న చేసిన అప్పు ఇంకా తీరలేదు."

మాటకు మాట సరిపోయింది. ఫైలు పైకి పోయింది. అధికారి చదివి, అర్జీదారు జీతం తీసుకుంటున్న పనివాడు, తండ్రి అప్పు వేరే వ్యవహారం, కాబట్టి ఇది వెట్టి కిందకు రాదని రాశారు. నా తెలుగు చదివితే ఎవరైనా అలాగే రాస్తారు. ఆయన తప్పేమీ లేదు.

కొన్నాళ్లకు సంత రోజున ఆ అబ్బాయి కార్యాలయం మెట్ల మీదకు వచ్చి కూర్చున్నాడు. తన కాగితం ఏమైందని అడిగాడు. "నీకు జీతం ఇస్తున్నారు కదయ్యా, వెట్టి ఎలా అవుతుంది?" అన్నాను. వాడు అయోమయంగా నా మొహం చూశాడు. మా జవాను ఇంట్లో కన్నడం మాట్లాడే మనిషి. ఫైలు తెప్పించుకుని వాంగ్మూలం చదివి, "సార్, జీత అంటే జీతం కాదు సార్. మన జీతాన్ని మేము సంబళ అంటాం. జీత అంటే అప్పు తీరేదాకా మనిషిని కట్టేసుకోవడం" అన్నాడు.

నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. కన్నడంలో వెట్టిచాకిరీ చట్టం పేరులోనే "జీత పద్ధతి" అని ఉంటుంది. ఆ అబ్బాయి సూటిగా "నేను వెట్టిలో ఉన్నాను" అని చెప్పుకున్నాడు. ఏ మాటతో చెప్పుకున్నాడో, నా కలం కింద ఆ మాటే వాడికి ఎదురు సాక్ష్యమైంది.

మర్నాడే నా అనువాదం తప్పని ఒప్పుకుంటూ నోటు పెట్టాను. అధికారి నన్ను మందలించారు గాని, ఫైలు మళ్లీ తెరిపించారు. విచారణ జరిగింది. విడుదల పత్రం చేతికి వచ్చేసరికి మొత్తం నాలుగు నెలలు ఆలస్యమైంది. ఆ నాలుగు నెలలూ వాడు ఆ పొలంలోనే పనిచేశాడు.

నేను ముందే పట్టుకోగలిగేవాణ్ణా? పట్టుకోగలిగేవాణ్ణే. జీతం అన్న మాట వచ్చిన చోట ఎంత, నెలకా, ఏడాదికా అన్నది వెంటనే రావాలి. ఇక్కడ రాలేదు. దాని బదులు అప్పు వచ్చింది. తెలుగులో ఆ రెండు వాక్యాలకూ సంబంధం కనబడదు. కన్నడం చదివేవాడికి రెండోది మొదటిదానికి కారణమని వెంటనే తెలుస్తుంది. అనువాదంలో పక్కపక్క వాక్యాలు ఒకదానికొకటి అతకకపోతే, రాసినవాడు తెలివితక్కువవాడని అనుకోకూడదు. మన తెలుగులో ఏదో మాట పక్కకు జరిగిందని అనుమానించాలి.

ఆ తర్వాత నేనొక పద్ధతి పెట్టుకున్నాను. మన మాటలాంటి మాట కనబడితే, దాని అర్థం ఏమిటని అడగను. ఎందుకంటే "తెలుసులే" అని మనసు జవాబు చెప్పేస్తుంది. ప్రశ్న తిరగేసి, మన అర్థానికి వాళ్లు మామూలుగా వాడే మాట ఏమిటని అడుగుతాను. మన జీతానికి వాళ్లు సంబళ అంటారు. అయితే వాళ్ల జీతకు వేరే పని ఉండి ఉండాలి. మనం రాసే ఉత్తరానికి వాళ్లు కాగద, పత్ర అంటారు. అయితే "ఉత్తర కొడి" అంటే ఉత్తరం ఇవ్వమని కాదు, జవాబు చెప్పమని. మన పెళ్లికి వాళ్ల మామూలు మాట మదువె. అందుకే "సమాజ కల్యాణ ఇలాఖె" అన్న బోర్డు చూసి పెళ్లిళ్లు చేసే చోటనుకోకూడదు. కల్యాణ అంటే అక్కడ సంక్షేమం. ఇలాఖె అంటే మన ఇలాకా కాదు, శాఖ. వెరసి అది మన సాంఘిక సంక్షేమ శాఖ.

పాల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. మనకు తాగే పాలూ పాలే, ఆస్తిలో వాటా కూడా పాలే. కన్నడంలో తాగేవి హాలు, వాటా మాత్రం పాలు. ఒకసారి "పాలు పట్టి" అని ఒక పాత కాగితం వస్తే, మా కొత్త గుమాస్తా అది పాలవాడి లెక్క అనుకుని పక్కన పడేయబోయాడు. తీరా చూస్తే అది అన్నదమ్ములు ఆస్తి పంచుకున్న పంపకాల పట్టీ.

ఈ పద్ధతి అన్ని చోట్లా పనిచేయదు. రెండు చోట్ల నన్ను దెబ్బతీసింది. అవి కూడా చెప్పాలి.

మొదటిది, అర్థం పూర్తిగా మారకుండా ఇరుకైన చోట. మన పొలానికి వాళ్లేమంటారంటే "హొల" అనే జవాబు వస్తుంది. మన పకారం వాళ్లకు చాలా చోట్ల హకారమైంది కాబట్టి రెండూ ఒకే మాట. పరీక్ష నెగ్గింది, సరిపోయిందని అనుకుంటాం. కాని హొల అంటే ప్రధానంగా మెట్ట. వరి పండే మాగాణిని వాళ్లు "గద్దె" అంటారు. మనకు పొలమంటే రెండూ వస్తాయి. మెట్టకు, మాగాణికి శిస్తు వేరు, ధర వేరు. అలాంటప్పుడు రెండో ప్రశ్న వేసుకోవాలి. ఈ మాటకు జత ఏమిటి? వాళ్లు దేనికి ఎదురుగా దీన్ని వాడతారు? హొలకు జత గద్దె అని తెలిస్తే సంగతి తేలిపోతుంది.

రెండోది, సరిహద్దు మనుషుల దగ్గర. ఇంట్లో ఒక భాష, సంతలో ఒక భాష మాట్లాడేవాడు కన్నడంలో మాట్లాడుతూనే జీతాన్ని మన అర్థంలో వాడవచ్చు. పైగా మన పల్లెల్లో ఏడాది లెక్కన పనికి కుదిరినవాణ్ణి జీతగాడు అనే అలవాటు ఉండనే ఉంది. ఇక్కడ నిఘంటువు తీర్పు చెప్పలేదు. మనిషినే అడగాలి. అదీ "జీత అంటే వెట్టేనా?" అని అడిగితే, ఆఫీసరు ముందు ఎవరైనా "అవును సార్" అంటారు. ఆ మాట వాడకుండా అడగాలి. చేతికి ఎంత ఇస్తారు? ఎప్పుడిస్తారు? రేపు మానేసి ఇంకొకరి దగ్గరకు పోతానంటే పోనిస్తారా? ఈ మూడింటికీ వచ్చిన జవాబులను బట్టి ఏ జీతమో తెలిసిపోతుంది.

మనలో చాలామంది పిల్లలు ఇప్పుడు బెంగుళూరులోనో చెన్నైలోనో ఉన్నారు. అక్కడి కాగితాలు "నాన్నగారికి కన్నడం వచ్చు" అని మన చేతికే వస్తున్నాయి. చదివి పెట్టండి. తెలియని మాటలను ఎలాగూ అడుగుతారు. చదివేటప్పుడు బాగా తెలుసనిపించిన మాటల కింద కూడా పెన్సిలుతో ఒక గీత గీసి, వాటిని కూడా ఎవరినైనా అడగండి. ఆ రోజు "జీతక్కె" కింద నేను ఆ గీత గీసి ఉంటే, ఆ అబ్బాయి నాలుగు నెలలు ముందే బయటపడేవాడు.