బిల్లులో 50, దిగినవి 46

సిమెంటు కొట్టు దగ్గర 46 బస్తాలే దిగాయి, బిల్లు మాత్రం 50కి వచ్చింది. పన్నుతో కలిపి బస్తా 350 రూపాయలైతే తేడా 1,400. ఇక్కడ ఆదుకునేది డెలివరీ చలానా. లారీ కదలకముందే దాని మీద "46 మాత్రమే అందాయి, 4 తక్కువ" అని రాసి, డ్రైవరు చేత సంతకం పెట్టించాలి. ఏమీ రాయకుండా సంతకం చేస్తే 50 అందాయని మీరే ఒప్పుకున్నట్టు. ఆ చలానా నకలు జతచేసి, ఇన్‌వాయిస్ నంబరు, తేదీ, తేడా లెక్క రాసి సరఫరాదారుకు అదే రోజు పంపండి. "వచ్చే లోడులో సర్దేద్దాంలెండి" అంటారు, మామూలే! 1,400కు క్రెడిట్ నోటే అడగండి. అందని సరుకు మీద జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ మీకు రాదు మరి. పేచీ లేని 16,100 మాత్రం గడువులోపే కట్టేయండి.