పాత ఫొటోలను ఎంత రెజల్యూషన్‌లో స్కాన్ చేయించాలి?

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన సమావేశంలో పాత ఫొటోల సంగతి కదిలినప్పుడు చాలామంది నన్నడిగిన ప్రశ్న ఒక్కటే. "స్కానింగు షాపులో మూడు వందలా, ఆరు వందలా, పన్నెండు వందలా అని అడుగుతున్నారు, ఏం చెప్పమంటారు?" అని. ఆ ఒక్క ప్రశ్నకే ఈ పూట జవాబు చెప్పుకుందాం. మన సంఘంలోనే జరిగిన ఒక సంగతిని ఉదాహరణగా తీసుకుంటాను.

కుటుంబ పెన్షను తీసుకుంటున్న ఒక అక్కయ్యగారు కిందటి సంవత్సరం ఒక గ్రూపు ఫొటో పట్టుకొచ్చారు. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలిన రోజుల్లో, కుడి కాలువ పనులు చూసిన ఒక సెక్షను సిబ్బంది అంతా కలిసి తీయించుకున్న ఫొటో అది. మూడు వరుసల్లో నలభై మంది పైచిలుకు ఉన్నారు. ఆమె భర్త అప్పుడు వర్క్ ఇన్‌స్పెక్టరు. వెనక వరుసలో ఎడమ నుంచి నాలుగో మనిషి. ఆయన యౌవనంలో ఉన్న ఫొటో ఇంట్లో అదొక్కటే. అందులోంచి ఆయన ముఖం ఒక్కటి తీసి గోడకు పెట్టుకునే సైజులో కావాలని ఆమె కోరిక. అప్పటికే ఒక షాపులో ఇస్తే ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి ఇచ్చారట. కళ్లు, ముక్కు కలిసిపోయి పిండిముద్దలా వచ్చింది. "ఇంతకన్నా రాదమ్మా" అన్నారట. వస్తుందా రాదా అన్నది లెక్క వేసి చూస్తేనే తెలుస్తుంది.

ముందు రెజల్యూషన్ అంటే ఏమిటో. స్కానరు ఫొటోను చుక్కలు చుక్కలుగా చూస్తుంది. అంగుళం పొడవులో ఎన్ని చుక్కలుగా చూస్తుందో ఆ సంఖ్యే తెర మీద dpi అని కనిపించేది. మిర్చి తోట వేసిన వాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. సాళ్ల మధ్య ఎడం, మొక్కల మధ్య ఎడం రెండూ సగానికి తగ్గిస్తే ఎకరానికి పట్టే నారు రెండింతలు కాదు, నాలుగింతలు. అలాగే 300 నుంచి 600కు పోతే ఫైలు నాలుగింతలవుతుంది. 1200కు పోతే పదహారింతలు. మామూలు ఆల్బం ఫొటో, అంటే ఆరంగుళాలు నాలుగంగుళాలది, రంగుల్లో 300 దగ్గర ఆరున్నర ఎంబీ, 600 దగ్గర 26 ఎంబీ, 1200 దగ్గర 104 ఎంబీ వస్తుంది. ఇది ఫైలును కుదించకుండా టిఫ్‌గా దాచినప్పటి మాట. జేపెగ్‌గా దాచితే ఇందులో కొద్ది భాగమే ఉంటుంది.

ఇక ఎన్ని చుక్కలు కావాలన్నది ఆ ఫొటోతో మీరేం చేయబోతున్నారన్న దాన్ని బట్టి. చేతిలో పట్టుకు చూసే కాగితం ఫొటోకు అంగుళానికి 300 చుక్కలుంటే కంటికి లోటు కనపడదు. కనుక ఉన్న సైజులోనే మళ్లీ ప్రింటు కావాలంటే 300 చాలు. రెట్టింపు సైజు కావాలంటే 600. నాలుగు రెట్లకు 1200. గోడ మీద పెట్టి ఆరడుగుల దూరం నుంచి చూసే పటానికి అంగుళానికి వంద చుక్కలున్నా సరిపోతుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, అక్కయ్యగారి విషయంలో అక్కరకొచ్చింది ఇదే.

ఆ గ్రూపు ఫొటో ఆరున్నర అంగుళాలు, ఎనిమిదిన్నర అంగుళాలు. అందులో ఆయన ముఖం గడ్డం నుంచి నడినెత్తి దాకా పావు అంగుళం. 300 దగ్గర ఆ ముఖానికి దక్కేవి నిలువునా 75 చుక్కలు. 600 దగ్గర 150. 1200 దగ్గర 300. గోడ పటంలో ముఖం మూడంగుళాలు రావాలనుకుంటే, అంగుళానికి వంద చొప్పున 300 చుక్కలు కావాలి. అంటే 1200 దగ్గర స్కాన్ చేస్తే లెక్క సరిపోయింది.

కాగితం మీద లెక్క సరిపోవడం ఒకటి, ఆ ఫొటోలో అంత వివరం అసలు ఉండడం మరొకటి. చాలామంది డబ్బు, సమయం పోగొట్టుకునేది ఇక్కడే. స్కానరు ఫొటోలో ఉన్నదాన్నే చూపగలదు, లేనిదాన్ని తేలేదు. ఆ రోజుల్లో చాలా స్టూడియోల వాళ్లు మూడు కాళ్ల స్టాండు మీద పెద్ద కెమెరా పెట్టి, నల్లగుడ్డ కప్పుకుని గ్రూపు ఫొటోలు తీసేవారు. నెగటివు కూడా ఫొటో అంత పెద్దదే. దాన్ని కాగితం మీద ఆనించి ప్రింటు వేసేవారు. పెద్దది చేయడం అనేదే లేదు కనుక నెగటివులో ఉన్న సన్నని గీతలన్నీ కాగితం మీదికి దిగేవి. అక్కయ్యగారి ఫొటో అటువంటిదే. సైజు అచ్చంగా ఫుల్ ప్లేటు. భూతద్దం పెట్టి చూస్తే చొక్కా బొత్తాలు కూడా విడివిడిగా కనిపించాయి. అదే 1986లో జరిగిన ఒక వీడ్కోలు సభ రంగుల ఫొటో ఉంది నా దగ్గర. అందులోనూ ముప్పై మంది ఉన్నారు. అది చిన్న రీలు కెమెరాతో తీసింది. బొటనవేలంత వెడల్పున్న నెగటివును నాలుగు రెట్లు పెంచి వేసిన ప్రింటు. దాన్ని 300లోనూ 1200లోనూ స్కాన్ చేసి పక్కపక్కన పెడితే 1200లో అదనంగా కనిపించింది కాగితపు గరుకు, దుమ్ము మాత్రమే. ముఖాలు అక్కడా ఇక్కడా ఒకే మసక. అటువంటి ప్రింటుకు 300 చాలు, పెద్దది చేసే ఆలోచన ఉంటే 600. ఆ పైన వృథా. దానికి నెగటివు దొరికితే మాత్రం వదలకండి. నెగటివునే 2400 దగ్గర స్కాన్ చేయిస్తే ప్రింటులో లేని వివరం వస్తుంది. స్టూడియో వాళ్లిచ్చిన పాత కవర్లలో వెతకండి.

కనుక పరీక్ష ఇది. ఫొటోలో ఒక్క ముఖం ఉన్నంత మేర, అంగుళం చదరం, 300లోనూ 600లోనూ 1200లోనూ తీయించండి. మూడింటినీ తెర మీద ఒకే సైజుకు పెంచి చూడండి. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు పోయినప్పుడు కనురెప్పో, మీసం వెంట్రుకో కొత్తగా తేలకపోతే కింది మెట్టు దగ్గరే ఆగిపోండి. ఐదు నిమిషాల పని. స్కానరు పెట్టె మీద 9600 అనీ ఇంకా పెద్ద సంఖ్యలనీ రాసుంటాయి. ఆప్టికల్ అని వేరే రాసిన సంఖ్యే యంత్రం నిజంగా చూసేది. మిగతాది మధ్యలో ఊహించి నింపిన చుక్కలు.

అక్కయ్యగారి ఫొటో మొత్తాన్ని 1200లో తీస్తే రంగుల్లో 240 ఎంబీ దాకా వస్తుంది. పాత కంప్యూటరు దాన్ని తెరవడానికే మూలుగుతుంది. అందుకని మొత్తం ఫొటో 600లో ఒకసారి తీశాం. అది 60 ఎంబీ. ఆ తరువాత ప్రివ్యూలో ఆయన తల, భుజాలు ఉన్నంత మేరకే గడి గీసి, ఆ అంగుళం చదరాన్ని 1200లో విడిగా తీశాం. అది నాలుగు ఎంబీల పైచిలుకు మాత్రమే. నలుపు తెలుపు ఫొటో అయినా రంగుల్లోనే తీయించాను. పసుపు డాగులు, అంచుల్లో వెండిలా మెరిసే మరక నలుపు తెలుపులో తీస్తే ముఖంతో కలిసిపోతాయి, రంగుల్లో తీస్తే విడదీయవచ్చు.

ఆ ఫొటో దళసరి అట్టకు అంటించి ఉంది. అట్ట కొద్దిగా వంగింది కూడా. ఇక్కడ స్కానరు రకం చూసుకోవాలి. యూఎస్‌బీ తీగతోనే కరెంటు తీసుకునే పలుచని స్కానర్లలో ఎక్కువ భాగం అద్దానికి ఆనిన దాన్నే స్పష్టంగా చూస్తాయి. ఫొటో ఒక మిల్లీమీటరు పైకి లేచినా మసకే. అప్పుడు 1200 పెట్టినా ఉపయోగం లేదు. లోపల అద్దాలు, లెన్సు ఉండే పాత దళసరి స్కానర్లు ఈ విషయంలో మేలు. మేము అటువంటి దాని మూత తీసేసి, అట్ట మీద నల్లగుడ్డ కప్పి తీశాం. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫొటోలను మాత్రం పీకవద్దు. అద్దంతో సహా ఇలాగే తీయించండి.

ఇక సమయం. నా దగ్గర ఉన్న ఆల్బం ఫొటోలు 240. నా యంత్రం మీద ఒక ఫొటోకు 300లో ఇరవై సెకండ్లు, 600లో నలభై సెకండ్లు, 1200లో రెండు నిమిషాల ఇరవై సెకండ్లు పడుతుంది. ఫొటో ఆల్బంలోంచి తీయడం, దుమ్ము దులపడం, పెట్టడం, పేరు రాయడం ఎలాగూ మూడు నిమిషాల పని. అంటే 300 బదులు 600 పెడితే మొత్తం మీద పెరిగేది గంటా ఇరవై నిమిషాలు. 600 బదులు 1200 పెడితే మరో ఆరు గంటల నలభై నిమిషాలు. ఒకసారి ఆల్బం విప్పి కూర్చున్నాక మళ్లీ విప్పే ఓపిక మన వయసులో ఉండదు కనుక, పోస్టుకార్డు సైజు వాటికి 600 ఖాయం చేసుకున్నాను. 240 ఫొటోలకు ఆరు జీబీల పైచిలుకు అయింది. 32 జీబీ పెన్‌డ్రైవులో ఒక మూలకు వస్తుంది. 1200 పెట్టింది బొటనవేలంత చిన్న ఫొటోలకు, పెద్ద కెమెరా గ్రూపు ఫొటోలకు మాత్రమే.

అయితే ఎక్కువ రెజల్యూషన్‌లో అసలు ఖర్చు స్కానింగు దగ్గర కాదు, ఆ తరువాత. మనది పత్తి, మిర్చి నేల. జిన్నింగు మిల్లు పక్కన ఇల్లున్న వారికి చెప్పనక్కర్లేదు, గాలిలో నూగు ఎప్పుడూ ఉంటుంది. 1200లో ఒక్క పత్తి పోగు ముఖం మీద మోకులా కనిపిస్తుంది. ఒక్కొక్కటీ చెరపాలంటే ఫొటోకు అరగంట. మెత్తని పొడి బ్రష్షుతో ముందే దులుపుకోవాలి. తడిగుడ్డ, స్పిరిటు ఫొటోకు తగలనివ్వకూడదు, పై పూత కరిగి లేచిపోతుంది. స్కానరులో దుమ్ము తీసే ఏర్పాటు ఉంటుంది కానీ దాన్ని ఆపి ఉంచమంటాను. ఆడవాళ్ల ముక్కుపుడకను కూడా దుమ్మనుకుని చెరిపేయగలదు.

ఫైలు పేరులో సంవత్సరం, ఊరు, మనుషుల వరుస పెట్టండి. జిల్లా పేరు వద్దు. 1970కి ముందు ఒంగోలు గుంటూరు జిల్లాలో ఉండేది, 2022లో నరసరావుపేట పల్నాడు జిల్లా అయింది, మనవళ్లకు తికమక. ఇలా ఉంటే చాలు:

```
1967_narasaraopet_group_600.tif
1967_narasaraopet_group_row3_left4_1200.tif
```

పిల్లలకు వాట్సాప్‌లో ఫొటోగా పంపితే చుక్కలు తగ్గిపోతాయి. డాక్యుమెంటుగా పంపండి.

అక్కయ్యగారి పటం పది అంగుళాలు, ఎనిమిది అంగుళాలది తయారైంది. దగ్గరికి పోయి చూస్తే కొంచెం మెత్తగానే ఉంది. వసారాలో కుర్చీలో కూర్చుని చూస్తే మనిషి మనిషిలా ఉన్నాడు. కనుబొమ్మ మీద చిన్న మచ్చ ఉండేదట ఆయనకు, అది కూడా వచ్చిందని ఆమె చూపించారు. ఆ గ్రూపులో మిగిలిన వాళ్ల ఇళ్ల వారు కూడా అడుగుతున్నారు. 600 ఫైలు సంఘ కార్యాలయంలో ఉంది. వరుస, స్థానం చెబితే ఆ ముక్కను 1200లో తీసి ఇవ్వవచ్చు, అట్ట ఫొటో ఇంకా ఆమె దగ్గరే భద్రంగా ఉంది.

సెలవు.