రెండు గంటల కాలేజ్ డే: మినిట్ టు మినిట్ షీట్ ఎలా రాయాలి?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు కాలేజీల్లో యానివల్ డే సీజన్ మొదలైందంటే కల్చరల్ కమిటీ పిల్లలు అడిగే ప్రశ్న ఒక్కటే. "ప్రోగ్రాం రెండు గంటలే అన్నారు, మాకు తొమ్మిది ఐటమ్స్ ఉన్నాయి. అన్నీ పడతాయా?" పడతాయి. కానీ కాగితం మీద ముందే పట్టాలి. పట్టకపోతే బలయ్యేది ఎవరో మీకు తెలుసు. నెల రోజులు ప్రాక్టీస్ చేసి, అద్దెకి డ్రెస్సులు తెచ్చుకుని, మేకప్ వేసుకుని, సైడ్‌లో నిలబడి ఉన్న ఆఖరి గ్రూప్. "టైమ్ అయిపోయిందమ్మా, సారీ" అని వాళ్లకే చెప్తారు. ఇవాళ ఆ మాట ఎవరికీ చెప్పక్కర్లేకుండా షీట్ ఎలా రాయాలో చూద్దాం.

సాయంత్రం 5 నుంచి 7 వరకు ప్రోగ్రాం అనుకుందాం. 7 అనేది గీత. ఎందుకంటే పుంగనూరుకి రైలు లేదు, మదనపల్లె రోడ్ స్టేషన్ చూస్తే ఊళ్లో ఉండదు, సీటీఎం దగ్గర ఉంటుంది. పల్లెల నుంచి వచ్చే పిల్లలంతా బస్సుల మీదే ఆధారం. కాబట్టి షీట్ 5 గంటల దగ్గర మొదలుపెట్టొద్దు. 7 దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి.

ఆఖర్న జాతీయ గీతం. పూర్తి గీతానికి అధికారికంగా 52 సెకన్లు. ఈ గీతానికి మదనపల్లెతో చుట్టరికం ఉందని మీకు తెలిసే ఉంటుంది. 1919లో ఠాగూర్ బీసెంట్ థియసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడే దీన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. 52 సెకన్లే కదా అని ఒక్క నిమిషం రాయకండి. అందరూ లేచి నిలబడి, మాటలు ఆగేసరికే ఇంకో నిమిషం పడుతుంది. రెండు నిమిషాలు రాయండి. అంటే 6:58. దానికి ముందు వందన సమర్పణ మూడు నిమిషాలు, అంటే 6:55. ఇలా వెనక్కి వస్తే అసలు మన చేతిలో మిగిలేది ఎంతో కనిపిస్తుంది.

ఇక లెక్క ఎక్కడ తప్పుతుందో చూడండి. రెండు చోట్ల తప్పుతుంది.

మొదటిది డ్యాన్సులు. "ఎనిమిది ఐటమ్స్, ఒక్కొక్కటి నాలుగు నిమిషాలు, 32 నిమిషాలు" అని రాసేస్తారు. పాట నాలుగు నిమిషాలే. కానీ ఒక గ్రూప్ దిగాలి, ఇంకో గ్రూప్ ఎక్కాలి, యాంకర్ పేర్లు చదవాలి, ట్రాక్ పడాలి. దానికి తక్కువలో తక్కువ నిమిషంన్నర. ఒక్కో ఐటమ్ ఐదున్నర నిమిషాలు, ఎనిమిదికి 44. మీ షీట్‌లో లేని ఆ 12 నిమిషాలే ఆఖరి రెండు గ్రూపుల్ని మింగేసేది. కుప్పంలో ఇంకో లెక్క కూడా ఉంది. అక్కడ ఒకవైపు తమిళనాడు, ఒకవైపు కర్ణాటక. యాంకర్ ప్రతి ముక్కా తెలుగులో ఒకసారి, తమిళంలో ఒకసారి చెప్తానంటే ఆ నిమిషంన్నర సరిపోదు. ఒక ఐటమ్‌కి ఒకే భాష అని మార్చి మార్చి చెప్పించండి.

రెండోది బహుమతులు. 60 ప్రైజులు ఉన్నాయి అనుకోండి. పేరు పిలిచాక పిల్లాడు ఎక్కడో వెనక వరసలోంచి లేచి, నడుచుకుంటూ వచ్చి, మెట్లెక్కి, ఫోటో దిగి వెళ్లడానికి 35 సెకన్లు వేసుకోండి. 60 మందికి 35 నిమిషాలు! అదే పదిమంది చొప్పున ముందే మెట్ల పక్కన వరసలో నిలబెట్టి, ఒకవైపు ఎక్కించి రెండోవైపు దించితే ఒక్కొక్కరికి 15 సెకన్లు చాలు. మొత్తం 15 నిమిషాలు. ఏ ప్రసంగాన్నీ కోయకుండా, ఎవరినీ నొప్పించకుండా 20 నిమిషాలు మిగిలాయి. దీనికి కావాల్సింది ఇద్దరు వాలంటీర్లు. ఒకరు లైన్ నిలబెట్టాలి, ఒకరు అదే వరసలో కప్పులు, సర్టిఫికెట్లు అందించాలి. కప్పు వరస, పేర్ల వరస కలవకపోతే మాత్రం ఈ లెక్క పనికిరాదు. అందుకే ప్రతి కప్పు మీద నంబర్ స్టిక్కర్ అంటించండి.

ఇప్పుడు మొత్తం షీట్ చూద్దాం. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

5:00 – ప్రార్థన, జ్యోతి ప్రజ్వలన – 6 నిమిషాలు
5:06 – స్వాగతం – 3
5:09 – ప్రిన్సిపాల్ గారి వార్షిక నివేదిక – 8
5:17 – మొదటి నృత్యం – 6
5:23 – ముఖ్య అతిథి ప్రసంగం – 12
5:35 – శాలువా, జ్ఞాపిక – 4
5:39 – ఖాళీ – 4
5:43 – బహుమతులు – 17
6:00 – కుర్చీలు దించడం, అతిథులు ముందు వరసలోకి – 5
6:05 – ఎనిమిది ఐటమ్స్ – 44
6:49 – ఖాళీ – 6
6:55 – వందన సమర్పణ – 3
6:58 – జాతీయ గీతం – 2

మొత్తం 120. బహుమతులకి 15 కాకుండా 17 రాశాం, టేబుల్ సర్దడానికి రెండు. 44 అన్న చోట మీరు ఎనిమిది వరసలు విడివిడిగా రాయాలి. "ఖాళీ" అన్న రెండు వరసలు, పది నిమిషాలు, మన దాచుకున్న డబ్బులాంటివి. ప్రింట్ చేసి పంచే ఆహ్వానంలో వాటిని చూపించకండి. చూపిస్తే ఎవరో ఒకరు "ఇక్కడ మా వాడి మిమిక్రీ పెట్టండి" అంటారు.

దీన్ని ఫోన్‌లోనే గూగుల్ షీట్స్‌లో చేసుకోవచ్చు. ఏ కాలమ్‌లో మొదలయ్యే టైమ్, బీ కాలమ్‌లో నిమిషాలు. మొదటి టైమ్ మాత్రమే చేత్తో కొట్టండి. అది A2లో ఉంటే, A3లో ఈ ఫార్ములా పెట్టి కిందికి లాగండి.

```
=A2+B2/1440
```

రోజుకి 1440 నిమిషాలు కాబట్టి ఆ భాగహారం. ఐదున్నర అని 5.5 కొట్టినా సరిగ్గానే కలుస్తుంది. ఎక్కడ ఒక్క నిమిషం మార్చినా కిందున్న టైమ్‌లన్నీ వాటంతటవే మారతాయి. అప్పుడు "సార్, ఇంకో స్పీచ్ పెడితే ఆఖరి పాట 7:05కి పోతోంది" అని లెక్చరర్ గారికి చూపించొచ్చు. నోటితో చెప్తే వాదన అవుతుంది, షీట్ చూపిస్తే లెక్క అవుతుంది.

మిగతా కాలమ్స్ నాలుగు చాలు. ఐటమ్ పేరు, ఎన్ని మైకులు, ఏ ట్రాక్, బాధ్యత ఎవరిది. బాధ్యత దగ్గర "కమిటీ" అని రాయకండి, ఒక మనిషి పేరు రాయండి. ఇంకోటి, జ్యోతి ప్రజ్వలన వరసలో "స్టేజి ఫ్యాన్లు ఆపాలి" అని, ఆపే వాళ్ల పేరుతో సహా రాయండి. ఐదు వత్తులు వెలిగించడానికి ఐదుసార్లు అగ్గిపుల్ల గీస్తుంటే అక్కడే మూడు నిమిషాలు పోతాయి. వత్తులు ముందే నూనెలో తడిపి, కొసకి కాస్త కర్పూరం పెట్టి ఉంచండి.

సరే, ఇప్పుడు అసలు కష్టం. ముఖ్య అతిథి 5:20కి వచ్చారు. ఏం చేస్తారు? మామూలుగా అందరూ కూర్చుని ఎదురుచూస్తారు, 20 నిమిషాలు గాల్లో కలుస్తాయి. అలా కాకుండా షీట్‌లో అతిథి లేకపోయినా నడిచే వరసలకి ఒక చుక్క పెట్టుకోండి. ప్రార్థన రెండు నిమిషాలు, నివేదిక ఎనిమిది, మొదటి నృత్యం ఆరు, తర్వాతి ఎనిమిదిలోంచి ఒక సోలో పాట ఐదున్నర. ఇవి వరసగా నడిపితే 5:21:30 అవుతుంది. అతిథి వచ్చి కూర్చున్నారు. అప్పుడు జ్యోతి నాలుగు నిమిషాలు, స్వాగతం మూడు, ప్రసంగం 12, సన్మానం నాలుగు. 5:44:30కి సన్మానం అయిపోయింది. అసలు షీట్‌లో ఇది 5:39. ఐదున్నర నిమిషాలు ఆలస్యం, కానీ ఐదున్నర నిమిషాల పాట ముందే అయిపోయింది. అంటే మనం పోగొట్టుకున్నది సున్నా. దాచుకున్న పది నిమిషాలూ అలాగే ఉన్నాయి. ఇక్కడ సోలో పాటే ఎందుకంటే, అప్పటికి స్టేజి మీద అతిథుల కుర్చీలు ఉంటాయి. 12 మంది గ్రూప్ డ్యాన్స్‌కి చోటుండదు. మొదటి నృత్యం కూడా అందుకే ఒకరిద్దరిదే పెట్టుకోవాలి. ఇదంతా ముందురోజే ప్రిన్సిపాల్ గారికి చూపించి ఒప్పించాలి. ఆ పూట స్టేజి పక్కన నిలబడి అడిగితే "ఆగండి, వచ్చేస్తున్నారట" అనే జవాబే వస్తుంది.

మరి అతిథి 12 నిమిషాలకి బదులు 25 నిమిషాలు మాట్లాడితే? పెద్దవాళ్లకి గంట కొట్టలేం. పిలిచేటప్పుడే "సార్, మీకు 12 నిమిషాలు కేటాయించాం" అని చెప్పించడం వరకే మన చేతిలో ఉంది. అలాగే వేదిక మీది ప్రతి పెద్దాయననీ "రెండు మాటలు" చెప్పమనడం ఆపించండి. ఆ రెండు మాటలు ఎప్పుడూ ఐదు నిమిషాలే. శాలువా అందరికీ, మైకు ఒక్కరికి.

అయినా 13 నిమిషాలు పోయాయి అనుకోండి. మొదటి ఖాళీ నాలుగు నిమిషాలు తినేసింది, ఇంకా తొమ్మిది మిగిలాయి. 6:05కి మొదలవ్వాల్సిన ఐటమ్స్ 6:14కి మొదలవుతాయి. రెండో ఖాళీ ఆరు తీసేసినా మూడు నిమిషాలు అప్పు. ఇక్కడే ఆఖరి గ్రూప్‌ని కోసేస్తారు. కోయక్కర్లేదు. ప్రతి గ్రూప్ చేత రెండు ట్రాకులు ముందే చేయించండి. ఒకటి నాలుగు నిమిషాలది, ఒకటి మూడు నిమిషాలది. ఎనిమిది గ్రూపులూ పొట్టి ట్రాక్ ఆడితే ఎనిమిది నిమిషాలు తిరిగొస్తాయి. మూడు అప్పు తీరి ఇంకా ఐదు మిగులుతాయి. ఫైల్ పేర్లు ఇలా పెట్టండి, సౌండ్ అన్న తడుముకోకుండా:

```
07_folk_FULL.mp3
07_folk_SHORT.mp3
```

ఒక్క షరతు. పొట్టి ట్రాక్‌కి కూడా ప్రాక్టీస్ చేసి ఉండాలి. లేకపోతే పాట ఆగాక పిల్లలు స్టేజి మీద ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఒక గ్రూప్‌కి పొట్టిది, ఇంకో గ్రూప్‌కి పొడుగుది అని మధ్యలో మార్చకండి, గొడవలు వస్తాయి. 6:05 దగ్గర గడియారం చూసి అందరికీ ఒకే నిర్ణయం. 6:11 దాటి మొదలవుతుంటే అందరికీ పొట్టిదే. 6:11 ఎందుకంటే రెండో ఖాళీ ఆరు నిమిషాలు అక్కడితో సరి.

ఆ నిర్ణయం ఎవరిది? ఒక్కరిదే. స్టేజి పక్కన షీట్, వాచీ పట్టుకుని నిలబడే మనిషిది. ఆ మనిషి డ్యాన్స్ చేయకూడదు, యాంకరింగ్ చేయకూడదు, ఫోటోలు దిగకూడదు. ప్రతి వరస పక్కన అసలు మొదలైన టైమ్ పెన్నుతో రాస్తూ ఉండాలి. ఆ కాగితం పారేయకండి. మీ కాలేజీలో నివేదిక నిజంగా ఎన్ని నిమిషాలు పడుతుందో, గ్రూప్ మారడానికి నిమిషంన్నర సరిపోతుందో లేదో వచ్చే ఏడాది కమిటీకి చెప్పేది అదే.

మీ కాలేజ్ డే ఎప్పుడో, ఎన్ని ఐటమ్స్ ఉన్నాయో కామెంట్‌లో పెట్టండి. రెండు మూడు షీట్లు తీసుకుని వచ్చే ఎపిసోడ్‌లో లెక్కేసి చూద్దాం. ఉంటాను మరి.