యతి చెవికి వినపడాలె

(దోమకొండలో పాటలు రాసే యువకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



పాటకు యతి కావాల్నా, వద్దా అని చాలామంది అడుగుతరు. మన ఊరి మీదనే ఒక పాదం కట్టి చూద్దాం.

"దోమకొండకు పోవు తోవలో చెరువు."

ఇది ద్విపద పాదం. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణం రాసింది ఈ ఛందస్సులోనే. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మూడో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో కలవాలె. ఇక్కడ 'దో'తో 'తో' కలిసింది. త, ద ఒక్క వర్గం, అచ్చు కూడ ఒక్కటే. 'తోవలో' తీసి 'బాటలో' పెట్టండి. గణాలు చెడవు, అర్థం మారదు. యతి మాత్రం పోతది.

ఇప్పుడు చప్పట్లు కొట్టుకుంట పాడండి. దరువు 'దో' మీద, 'తో' మీద పడితే రెండు సగాలు అతుక్కుంటయి. పాడేటోళ్లు మాట మరిస్తే ఆ 'దో'నే 'తో'ను గుర్తు చేస్తది. కాగితం లేకుంట నోటినుంచి నోటికి పోయే పాటకు ఇది అక్కరకొస్తది.

అదే బతుకమ్మ వరుసలో సగం సగానికి 'ఉయ్యాలో' అంటే, అతికే పని ఆ మాటే చేస్తది. అక్కడ 'బాటలో' అన్నా ఎవరికీ లోటు తెల్వదు. ఇంకో బాణీ 'దోమకొండకు' దగ్గర ఆగి, 'పోవు' మీద దరువేస్తదనుకోండి. అప్పుడు 'తో' నడుమల మునిగిపోతది. రాతల యతి ఉన్నా చెవికి లేనట్టే.

యతి కుదురుతదని 'తోటలో' అని రాస్తే, తొవ్వ పక్క చెరువు తోటలకు పోతది! గందుకే ముందు బాణీ పాడి, దరువు ఎక్కడ పడుతదో చూడండి. అక్కడ యతి పెట్టండి. అర్థం చెడేటట్టుంటే యతినే విడిచిపెట్టండి.