అప్పు మారితే బీటా కదలాలి: మూలధన వ్యయం లెక్కకు ఒక చరిత్ర

మా మాస్టారి పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి నేను మూలధన వ్యయాన్ని ఎంచుకున్నాను. ఆయన బోర్డు మీద వేసి చూపించిన ఈ లెక్కను మనం ఇవాళ ఎక్సెల్ సెల్లుల్లో వేస్తున్నాం. ఏ సెల్లు దేని మీద ఆధారపడాలో తెలియాలంటే ఈ లెక్క ఎలా పుట్టిందో తెలియాలి.

1958లో ఫ్రాంకో మోడిగ్లియానీ, మెర్టన్ మిల్లర్ ఒక వ్యాసం ప్రచురించారు. అప్పు చౌక, వాటాల డబ్బు ఖరీదు, కాబట్టి తగుమాత్రం అప్పు కలిపితే సగటు ఖర్చు తగ్గుతుందని అప్పట్లో చాలామంది అనుకునేవారు. వీళ్ళిద్దరూ ఒప్పుకోలేదు. అప్పు తెచ్చినంత మాత్రాన వ్యాపారంలో రిస్కు మారదు. అప్పిచ్చినవాడు ముందుగా తన వడ్డీ తీసుకుపోతాడు గనుక ఒడుదొడుకులన్నీ వాటాదారు నెత్తిన పడతాయి, అతను అంతకు తగ్గ రాబడి అడుగుతాడు. అప్పులో మిగిలిందంతా అక్కడ ఖర్చయిపోతుంది. పన్నే లేకపోతే సగటు కదలదన్నమాట. వడ్డీ మీద దక్కే పన్ను ఆదాను వాళ్ళు 1963లో రాసిన సవరణలో సరిచేశారు.

మరి వాటాదారు ఎంత అడుగుతాడు? దానికి అంకె ఇచ్చింది 1964లో విలియం షార్ప్ రాసిన వ్యాసం. జాన్ లింట్నర్, యాన్ మోసిన్ విడివిడిగా అక్కడికే చేరారు. జాక్ ట్రేనర్ అంతకు ముందే రాసిపెట్టుకున్నా అచ్చు వేయలేదు. ఆయన పేరు కూడా ఈ సభలో వినిపించాలని నా కోరిక. రిస్కులేని వడ్డీ రేటుకు, మార్కెట్ ఇచ్చే అదనపు రాబడిని బీటాతో గుణించి కలపడమే వీరు చెప్పిన పద్ధతి. మార్కెట్ ఒక శాతం కదిలితే షేరు సగటున ఎంత కదులుతుందో చెప్పేది బీటా. అయితే షేరు ధరల నుంచి తీసిన బీటాలో కంపెనీ అప్పు ప్రభావం అప్పటికే కలిసి ఉంటుంది. అందులో వ్యాపారం వంతెంతో అప్పు వంతెంతో విడదీసే దారిని 1972లో రాబర్ట్ హమాడా చూపించారు.

ఇక సెల్లుల సంగతి. హార్వర్డ్‌లో చదువుతున్న డాన్ బ్రిక్లిన్, బోర్డు మీద ఒక్క అంకె మారితే దాని వెంట ఉన్నవన్నీ చెరిపి రాయాల్సి రావడం గమనించారు. బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి 1979లో విసికాల్క్ తెచ్చారు. ఒకటి మారితే మిగతావి వాటంతటవే మారడమే దాని ప్రాణం. మన షీట్లలో ఎక్కువగా చచ్చుబడిపోతున్నది కూడా అదే.

ఊహకు ఒక కంపెనీ తీసుకుందాం. మార్కెట్ ధరల ప్రకారం వాటాల విలువ 600 కోట్లు, అప్పు 400 కోట్లు. రిస్కులేని రేటు 7 శాతం, మార్కెట్ అదనపు రాబడి 6 శాతం, అప్పు మీద వడ్డీ 9 శాతం, పన్ను 25 శాతం. షేరు బీటా 1.2. హమాడా సూత్రంతో అప్పు ప్రభావం తీసేస్తే వ్యాపారం బీటా 0.8 వస్తుంది. షీటులో చేత్తో టైప్ చేయాల్సింది ఈ 0.8నే.

```
B2 7%    B3 0.8   B4 6%
B5 9%    B6 25%
B7 600   B8 400
B9  =B3*(1+(1-B6)*B8/B7)
B10 =B2+B9*B4
B11 =B5*(1-B6)
B12 =(B7*B10+B8*B11)/(B7+B8)
```

B9లో 1.2, B10లో వాటాల ఖర్చు 14.2 శాతం, B11లో పన్ను పోను అప్పు ఖర్చు 6.75 శాతం, B12లో సగటు 11.22 శాతం కనిపిస్తాయి.

చాలా షీట్లలో జరిగే తప్పు B9లో సూత్రం బదులు 1.2 అని అంకె కొట్టేయడం. యాజమాన్యం అప్పును 600కు పెంచి, వాటాలను 400కు తగ్గిస్తే ఎలా ఉంటుందని అడుగుతుంది. అంకె కొట్టిన షీటు సగటు 9.73 శాతానికి పడిపోయిందని చూపిస్తుంది. 1958లో కాదన్న పాత నమ్మకమే మళ్ళీ తెర మీదికి వచ్చింది. సూత్రం ఉన్న షీటులో బీటా 1.7 అవుతుంది, వాటాల ఖర్చు 17.2 శాతానికి ఎక్కుతుంది, సగటు 10.93 దగ్గర ఆగుతుంది. 10 శాతం రాబడి ఇచ్చే ప్రాజెక్టు మొదటి షీటులో గట్టెక్కుతుంది, రెండో దానిలో తేలిపోతుంది. ఎవరైనా షీటు చేతికిస్తే నేను ముందు B8 మార్చి చూస్తాను. B10 కదలకపోతే ఆ సగటును నమ్మను.

హమాడా సూత్రానికీ హద్దుంది. అప్పులో రిస్కే లేదని అది అనుకుంటుంది. అప్పు బరువెక్కితే రిస్కులో కొంత అప్పిచ్చినవాడు కూడా మోస్తాడు, కాబట్టి B9 కాస్త ఎక్కువే చూపిస్తుంది. బ్యాంకు కూడా ఊరుకోదు, వడ్డీ పెంచుతుంది. ఆ 600 కోట్లకు బ్యాంకు 10 శాతం అడిగిందనుకోండి, ఇదే షీటులో సగటు 11.38 శాతం అవుతుంది. మొదట ఉన్న 11.22 కంటే అది ఎక్కువ. B5ను B8తో కలిపే సూత్రం మాత్రం ఈ షీటులో లేదు. బ్యాంకుతో మాట్లాడి తెలుసుకున్న రేటును చేత్తో వేయాల్సిందే.